2018–2023 కిడ్నీ పేషెంట్ల రికార్డులు పేర్లు తీసేసి ఇవ్వమని రిక్వెస్ట్

తేదీ: 8 సెప్టెంబర్ 2025

మెడికల్ సూపరింటెండెంట్ గారికి నమస్తే,

నేను సుజాతనండి, విశాఖలో మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మొన్న ఫోన్లో మీరు ఆఫీసు లెటర్‌తో పాటు మా రికార్డు సెక్షన్ వాళ్లకీ ల్యాబ్ వాళ్లకీ అర్థమయ్యేలా మామూలు మాటల్లో కూడా ఒకటి రాసి పంపమ్మా అన్నారు కదా, ఇది అదే సార్. సంతకాలు, సీళ్లు ఉన్న లెటర్ దీనికి జతచేశాను.

అడిగేది ముందే చెప్పేస్తా. 2018 జనవరి నుంచి 2023 డిసెంబర్ దాకా మీ దగ్గర సీరం క్రియాటినిన్ టెస్టు కనీసం రెండుసార్లు, మధ్యలో 90 రోజులైనా గ్యాప్‌తో చేయించుకున్న 18 ఏళ్లు నిండినవాళ్ల వివరాలు కావాలి. పేరు, ఊరు, నంబర్లు ఏవీ వద్దు, అవన్నీ మీ దగ్గరే తీసేసి మిగతాది ఎక్సెల్‌లో ఇస్తే చాలు.

ఎందుకంటే, ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పేదేముంది, షుగరూ బీపీ లేనివాళ్లకి, యూరిన్‌లో ప్రొటీన్ కూడా పెద్దగా పోకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి, కొబ్బరి తోటల్లో జీడితోటల్లో పనిచేసే నడివయసు వాళ్లకే ఎక్కువ. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకి, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లో చెరకు కూలీలకి కూడా ఇట్లాంటిదే వస్తోంది. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేయడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఇదీ అని ఒక్కటి తేలలేదు. నేను కూడా కారణం తేల్చేస్తానని చెప్పట్లేదు సార్, అది మీ రికార్డులతో అయ్యే పని కాదు. నాకు కావాల్సింది ఒక్కటే, కిడ్నీ పనితనం ఏ స్పీడులో పడిపోతోంది అనేది.

2023 డిసెంబర్‌లో హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి మంచినీళ్లు తెచ్చే ప్రాజెక్టు ప్రారంభమైంది కదా. రేపు ఐదేళ్లకో పదేళ్లకో ఆ నీళ్ల వల్ల తేడా వచ్చిందా అని ఎవరైనా అడిగితే, అంతకుముందు ఎలా ఉండేదో చెప్పే లెక్క చేతిలో ఉండాలి. సర్వేలు ఉన్నాయి గానీ అవి చాలావరకు ఒక రోజు వెళ్లి ఒక్కసారి బ్లడ్ తీసినవి, అదే మనిషికి మళ్లీ మళ్లీ చేసిన టెస్టులు ఆస్పత్రుల్లోనే ఉంటాయి. అందుకే 2023 డిసెంబర్ దగ్గర ఆపాను, ఆ తర్వాతవి ఇప్పుడు అడగట్లేదు.

రెండు టెస్టులు, 90 రోజులు అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, మే నెలలో జీడిపిక్కల పని చేసొచ్చిన మనిషికి ఒంట్లో నీళ్లు తగ్గి క్రియాటినిన్ 1.6 చూపించొచ్చు, వారం తర్వాత మామూలైపోవచ్చు, దాన్ని క్రానిక్ అనలేం. మూడు నెలలు దాటినా తగ్గకపోతేనే లెక్కలోకి వస్తుంది. షీట్ ఎలా ఉండాలో ఒక నమూనా పెడుతున్నా, ఇది నేను ఊహించి రాసింది, ఎవరిదీ కాదు:

```
code,year0,season0,age_band,sex,cluster,day,creat,dipstick,dm,htn
K4471,2019,summer,40-44,M,C3,0,1.6,trace,no,no
K4471,2019,summer,40-44,M,C3,118,1.9,trace,no,no
K4471,2019,summer,40-44,M,C3,402,2.7,1+,no,yes
```

మొదటి టెస్టు రోజు సున్నా, ఆ తర్వాతవి ఎన్ని రోజులకి అనేదే ఉంటుంది, అసలు తేదీలు ఉండవు. సీజన్ మాత్రం కావాలి, ఎండల ప్రభావం చూడాలి కాబట్టి. వయసు ఐదేళ్ల బ్యాండ్‌లో, 80 దాటినవాళ్లంతా ఒకే బ్యాండ్. వీటితో పాటు హిమోగ్లోబిన్, బీపీ, యూరిక్ యాసిడ్, పొటాషియం, చేసే పని, స్కాన్‌లో కిడ్నీ సైజు, డయాలసిస్ ఎన్నో రోజున మొదలైంది, ఇవి రాసి ఉంటే ఇవ్వండి, లేకపోతే ఖాళీగా వదిలేయమనండి, దయచేసి అంచనాతో నింపొద్దని చెప్పండి.

ల్యాబ్ వాళ్లకి ఒక ప్రత్యేక రిక్వెస్ట్. ఈ ఆరేళ్లలో అనలైజర్ ఎప్పుడైనా మార్చారా, క్రియాటినిన్ జాఫీ మెథడ్‌లో చేశారా ఎంజైమటిక్‌లోనా, ఏ సంవత్సరం నుంచి ఏది, ఇది ఒక కాగితం మీద రాసిచ్చినా చాలు. మెషిన్ మారినప్పుడు రీడింగ్ 0.2 జరిగినా మేం దాన్ని జబ్బు ముదిరిందనో తగ్గిందనో అనుకునే ప్రమాదం ఉంది. మిగతా కాలమ్స్ కన్నా నాకు ఇదే ఎక్కువ భయం.

అస్సలు వద్దనేవి: పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, ఫోను, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు నంబరు, ఓపీ ఐపీ నంబర్లు, పుట్టిన తేదీ, కులం. స్కాన్ ఫిల్మ్‌లు కూడా వద్దు, మూలన పేరు ప్రింటై ఉంటుంది. డాక్టర్ చేత్తో రాసిన నోట్సు ఫొటోలు తీసి పంపొద్దు, అందులో "ఫలానా టీచర్ గారి తమ్ముడు" లాంటివి కూడా రాసుంటారు.

ఇప్పుడు అసలు చిక్కు, ఊరు. పేరు తీసేస్తే చాలదు సార్ ఇక్కడ. చిన్న ఊళ్లో ముప్పై లోపు వయసులో డయాలసిస్‌కి వెళ్లే ఆడపిల్ల ఒక్కతే ఉందనుకోండి, ఊరు, వయసు, జబ్బు ఈ మూడు చాలు, చదివిన ఊరోళ్లు ఎవరో టక్కున చెప్పేస్తారు. ఊరి పేరు చూసి సంబంధాలు వెనక్కి పోతున్నాయని అక్కడి తల్లిదండ్రులు బాధపడుతుంటే, మనం ఊరి వారీగా లెక్కలు అచ్చేస్తే వాళ్లకి ఇంకా నష్టం. అందుకని ఊళ్లని కనీసం ఆరేడు కలిపి క్లస్టర్లుగా మీ ఆఫీసులోనే మార్చండి, C1, C2 అని, ఏ క్లస్టర్‌లో ఏ ఊళ్లున్నాయో ఆ లిస్టు కూడా నాకివ్వొద్దు. నీళ్లు బోరువా, నదివా, ఆ ఊళ్లు సముద్రానికి దగ్గరా దూరమా అనేది క్లస్టర్‌కి ఒక మాటగా చెబితే నా పని జరిగిపోద్ది. రిపోర్టులో ఏ గడిలోనైనా పదిమంది కన్నా తక్కువ వస్తే ఆ అంకె వేయం, పక్క గడితో కలిపేస్తాం.

కోడ్ నంబరు గురించి ఇంకో మాట. ఫోన్ నంబర్ నుంచి హ్యాష్ చేసి కోడ్ తీద్దామని ఐటీ వాళ్లు అనొచ్చు, వద్దనండి, ఉన్నవి పది అంకెలే కాబట్టి కంప్యూటర్ అన్నీ ట్రై చేసి వెనక్కి పట్టేస్తుంది. ఊరికే వరసతో సంబంధం లేని నంబర్లు ఇచ్చి, పేరుకీ కోడ్‌కీ లింకు ఉన్న రిజిస్టర్ మీ బీరువాలో తాళం వేసి పెట్టుకోండి. ఓపీ చీటీ నంబరు ప్రతిసారీ మారిపోతుంది కాబట్టి అదే మనిషని కలపడం పేరు, తండ్రి పేరు, ఊరు చూసే చేయాలి, అప్పారావు ఒకసారి అప్పలరావుగా రాసుంటాడు, ఆ పని బయటివాళ్లు చేస్తే పేర్లన్నీ చూసినట్టే అవుద్ది. కాబట్టి నేనూ నా మనుషులూ రిజిస్టర్ల గదిలోకి రాము, మీ స్టాఫే చేయాలి. పని ఎక్కువే, డ్యూటీ అయ్యాక కూర్చోవాల్సి వస్తుంది, అందుకని ఇద్దరికి గౌరవ వేతనంగా 40 వేలు మా ప్రాజెక్టులో పెట్టాం, హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ ద్వారా ఇప్పించొచ్చు.

మా దగ్గరికి వచ్చాక ఫైలు ఎన్‌క్రిప్ట్ చేసిన ఒకే కంప్యూటర్‌లో ఉంటుంది, దానికి ఇంటర్నెట్ లేదు. చూసేది నేనూ, మా స్టాటిస్టిషియనూ, ఇద్దరమే. వాట్సాప్‌లో, మెయిల్‌లో, ఆన్‌లైన్ డ్రైవ్‌లో పెట్టం. నేనే వచ్చి ఎన్‌క్రిప్ట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తా, పాస్‌వర్డ్ మీరు తర్వాత ఫోన్లో చెప్పండి. ఇంకెవరికీ ఇవ్వం, వేరే డేటాతో కలిపి ఎవరెవరో పట్టుకునే ప్రయత్నం చేయం. ఎక్కడైనా పొరపాటున ఒక పేరు మిగిలిపోయి కనిపిస్తే ఆ రోజే మీకు చెప్పి ఫైలు వెనక్కిస్తాం. పోయినా లీకైనా 24 గంటల్లోపు రాతపూర్వకంగా తెలియజేస్తాం. ఐదేళ్లు ఉంచి, చెరిపేసి, చెరిపేసినట్టు సర్టిఫికెట్ పంపిస్తాం.

పర్మిషన్ల సంగతి. మా కాలేజీ ఎథిక్స్ కమిటీ ఆగస్టు 12న ఓకే చేసింది, ఏడాదికి చెల్లుతుంది, ఆ కమిటీ 2019 నిబంధనల కింద డిపార్ట్‌మెంట్ ఆఫ్ హెల్త్ రీసెర్చ్‌లో రిజిస్టరై ఉంది. పాత రికార్డులు, గుర్తులు తీసేసినవి, పేషెంటుకి రిస్కు చాలా తక్కువ కాబట్టి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఒక్కొక్కరి దగ్గరా కన్సెంట్ తీసుకోనక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు, కానీ మీ ఆస్పత్రి అనుమతి లేకుండా ఒక్క లైను కూడా తీసుకోవద్దని షరతు పెట్టారు, అది న్యాయమే. ఆస్పత్రి బోర్డు మీద "పాత రికార్డులు పేర్లు లేకుండా పరిశోధనకి వాడుతున్నాం, ఇష్టం లేనివాళ్లు రికార్డు సెక్షన్‌లో చెప్పండి" అని తెలుగులో నోటీసు నెల రోజులు పెట్టమన్నారు, నోటీసు రాసి జతచేశాను. చెప్పినవాళ్ల వరసలు తీసేయండి, కారణం అడగక్కర్లేదు.

రిజిస్టర్ మీ దగ్గర ఉన్నంతకాలం ఇది పూర్తిగా అనామక డేటా అని నేను గొప్పలు చెప్పుకోను, 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం కింద వ్యక్తిగత డేటాకి తీసుకున్నంత జాగ్రత్తే దీనికీ తీసుకుంటాం. ఆ చట్టంలో పరిశోధనకి మినహాయింపు ఉంది గానీ, ఆ డేటాతో ఫలానా మనిషి మీద నిర్ణయాలేవీ తీసుకోకూడదనే షరతుతో. ఇక్కడ ఒకటి మీ కమిటీనే తేల్చమని అడుగుతున్నా: లెక్కలు చేస్తుంటే K4471 లాంటి మనిషికి క్రియాటినిన్ వేగంగా పెరిగి, ఆ తర్వాత ఆస్పత్రికే రాలేదని కనిపిస్తే, ఆ కోడ్ మీకు చెప్పాలా వద్దా? చెప్పాలనే నా అభిప్రాయం, పిలిచి చూసేది మీ డాక్టర్లు కాబట్టి. మీ కమిటీ వద్దంటే చెప్పం.

విదేశీ సంస్థలు లేవు, మందుల కంపెనీల డబ్బు లేదు, కాలేజీ ఇచ్చిన రెండు లక్షల గ్రాంటే. పేపర్ పంపడానికి నెల ముందు మీకు చూపిస్తాం, అందులో ఎవరినైనా గుర్తుపట్టే వీలుందనిపిస్తే తీసేయిస్తాం. ఫలితం బాగోలేదని మార్చమంటే మాత్రం కుదరదండి, అది ఇప్పుడే చెప్పుకుంటే మంచిది. ఆస్పత్రి పేరు వేయాలా వద్దా మీ ఇష్టం.

మొత్తం ఆరేళ్లవీ ఒకేసారి కష్టమనుకుంటే ముందు 2019 ఒక్క ఏడాదివి ఇవ్వండి, కాలమ్స్ సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకుని మిగతావి మొదలుపెట్టొచ్చు. మీ ఎథిక్స్ కమిటీ మీటింగ్ ఎప్పుడో చెబితే నేనొచ్చి వాళ్ల ప్రశ్నలకి జవాబు చెబుతా, రికార్డు సెక్షన్ వాళ్లతో కూడా ఓ గంట కూర్చోవాలి, మంగళ, గురువారాల్లో ఎప్పుడైనా వస్తాను సార్.

ఇట్లు
సుజాత
అసిస్టెంట్ ప్రొఫెసర్, కమ్యూనిటీ మెడిసిన్, విశాఖపట్నం

జతచేసినవి: కాలేజీ ప్రిన్సిపాల్ ఫార్వార్డింగ్ లెటర్, ఎథిక్స్ కమిటీ ఆమోదం కాపీ, ప్రొటోకాల్, కావాల్సిన కాలమ్స్ లిస్టు, నోటీసు బోర్డు కాగితం, డేటా ఒప్పందం రెండు కాపీలు నా సంతకంతో.