హర్షిత (7వ తరగతి, బి సెక్షన్) టీసీ గురించి, ఫీజు అడ్జస్ట్‌మెంట్ గురించి ప్రిన్సిపాల్ మేడం గారికి

మూసాపేట, హైదరాబాద్
18-11-2024

ప్రిన్సిపాల్ మేడం గారికి నమస్కారమండి.

నేను 7వ తరగతి బి సెక్షన్ హర్షిత వాళ్ళ అమ్మని, సునీతని. పాప అడ్మిషన్ నంబర్ 1147, 2019 జూన్‌లో రెండో తరగతిలో చేరింది మీ దగ్గర. ఈ నెల 30వ తారీకు శనివారం వరకు స్కూల్‌కి వస్తుందండి, ఆ తర్వాత మేము ఊరెళ్ళిపోతున్నాం, అందుకని టీసీ ఇప్పించమని, ఫీజు విషయం ఒకసారి మీరే స్వయంగా చూడమని అడగడానికి ఈ లెటర్ రాస్తున్నాను. ఆఫీసులో నోటితో చెప్తే సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని అన్నీ రాస్తున్నా, కొంచెం పెద్దదైతే ఏమనుకోకండి.

సంవత్సరం మధ్యలో మాన్పించడం మాకు ఇష్టమై కాదు మేడం. సెప్టెంబర్‌లో మా మామయ్య గారికి పక్షవాతం వచ్చింది, ఎడం చెయ్యి, కాలు పడిపోయాయి. మాది అమలాపురం పక్కన పల్లెటూరు, అక్కడ మా అత్తయ్య గారు ఒక్కరే, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మనిషిని లేపి కూర్చోబెట్టడం ఆవిడ వల్ల కావట్లేదు. దసరా సెలవుల్లో వెళ్ళినప్పుడు చూశాను, మామయ్య గారిని బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలంటే పక్కింటి వాళ్ళని పిలవాల్సొస్తోంది. మా ఆయన ఇక్కడ ఏసీ మెకానిక్‌గా చేసేవారు, అక్టోబర్ నుంచి అక్కడే ఉండిపోయారు, కొబ్బరి తోట పని కూడా ఆయనే చూసుకోవాలి కదండీ. పాప చదువు పాడవకూడదని నేనూ పాపా ఇక్కడ ఏప్రిల్ దాకా నెట్టుకొద్దాం అనుకున్నాం, కానీ ఇక్కడ అద్దె, అక్కడ మందులు, ఫిజియోథెరపీకి వచ్చే అబ్బాయికి రోజూ ఇచ్చేవి, రెండిళ్ళు నడపడం మా వల్ల కావట్లేదు. ఎస్‌ఏ-1 పరీక్షలు అయ్యేదాకా ఆగాం, ఇంక ఆగలేం.

పాపని మా ఊరి జెడ్పీ హైస్కూల్లో చేరుస్తున్నాం. హెచ్‌ఎం గారితో మా ఆయన మాట్లాడారు, సీటు ఉంది తీసుకురండి అన్నారు. ఇక్కడా స్టేట్ సిలబసే, ఇంగ్లీష్ మీడియమే, అక్కడా అంతే, తెలుగు, హిందీ కూడా మారవు కాబట్టి పాప త్వరగానే అందుకుంటుందని నా నమ్మకం. పాఠాలు కొంచెం తేడా ఉన్నా నేను దగ్గర కూర్చోబెట్టి చదివిస్తాను.

మేడం, ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. 14వ తారీకు గురువారం నేను ఆఫీసుకి వచ్చాను, ఆ రోజు చిల్డ్రన్స్ డే కదా, పిల్లలందరూ కలర్ డ్రెస్సుల్లో ఉన్నారు, ప్రోగ్రామ్ అయిపోయి హర్షిత కూడా నా పక్కకొచ్చి నించుంది, చేతిలో వాళ్ళ క్లాస్ టీచర్ ఇచ్చిన కాగితం పువ్వు ఉంది. కౌంటర్లో ఉన్నాయన మూడో టర్మ్ 16,000 కట్టేస్తే టీసీ ఇచ్చేస్తాం, కట్టకపోతే కంప్యూటర్‌లో క్లియరెన్స్ రాదు అన్నారు. సార్ జనవరి నుంచి మొదలయ్యే టర్మ్‌కి పాప అసలు ఉండదు కదా అంటే, ఇయర్ మధ్యలో వెళ్తే మొత్తం కట్టాలి, రూల్ అంతే అన్నారు. ఆయన తిట్టలేదు, గట్టిగా కూడా అనలేదు, ఆయన డ్యూటీ ఆయన చేశారు. కానీ ఇంటికెళ్ళాక పాప అడిగింది, అమ్మా మనం డబ్బులు కట్టలేదా, అందుకే నన్ను పంపించట్లేదా అని. ఐదేళ్ళ పైగా ఒక్క టర్మ్ కూడా లేట్ చెయ్యలేదు మేడం మేము, కరోనా టైంలో ఫోన్‌లో క్లాసులు జరిగినప్పుడు కూడా పని లేక బంగారం తాకట్టు పెట్టి కట్టాం. ఆ మాట పాపకి చెప్పాల్సొచ్చినందుకు నాకు చాలా బాధేసింది.

అందుకని నేను అడిగేది ఒక్కటే, టీసీని, ఫీజు లెక్కని విడివిడిగా చూడండి. ఫీజు గురించి మీకూ నాకూ మాట రెండు వారాలు నడిచినా పర్లేదు, నేను ఫోన్ ఎత్తుతాను, కావాలంటే మళ్ళీ ఊరి నుంచి వస్తాను. కానీ టీసీ ఆగితే పాప ఇంట్లో కూర్చోవాలి. 2009 విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్‌లో, పిల్లలు గవర్నమెంట్ స్కూల్‌కి మారుతుంటే, అదే రాష్ట్రంలో అయినా వేరే రాష్ట్రానికి అయినా, చదివిన స్కూల్ హెడ్ వెంటనే టీసీ ఇవ్వాలని రాసుంది. టీసీ లేటయిందని కొత్త స్కూల్ వాళ్ళు చేర్చుకోకుండా ఉండకూడదని కూడా అందులోనే ఉంది. మొన్న జులైలో మద్రాస్ హైకోర్టు కూడా టీసీ అనేది బాకీ ఫీజు వసూలు చేసుకునే సాధనం కాదని చెప్పింది, అది తమిళనాడు కేసే అనుకోండి, అయినా న్యాయం ఎక్కడైనా న్యాయమే కదా. ఇవి మిమ్మల్ని బెదిరించడానికి రాయట్లేదు, నేను ఎవరి దగ్గరికీ కంప్లైంట్ తీసుకెళ్ళాలనుకోవట్లేదు. మీరు కౌంటర్లో వాళ్ళకి ఒక్క మాట చెప్తే అయిపోతుందని నమ్మే రాస్తున్నాను.

టీసీలో కొన్ని విషయాలు జాగ్రత్తగా చూడమని మనవి. పాప పేరు మీ రిజిస్టర్‌లో ఇంగ్లీష్ స్పెల్లింగ్ చివర టీఏ అని ఉంది, ఆధార్‌లో, బర్త్ సర్టిఫికెట్‌లో టీహెచ్‌ఏ అని ఉంది. ఇది ఆరో తరగతిలోనే చూసి చెప్పాను, పెన్సిల్‌తో రాసుకున్నారు గానీ మారలేదనుకుంటా. ఇప్పుడు అలాగే టీసీలో పడితే రేపు టెన్త్ మెమోలో కూడా అదే పడుతుంది, అప్పుడు మార్పించాలంటే ఎంత తిరగాలో మా ఆడపడుచు కొడుకు విషయంలో చూశాం. బర్త్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు జత చేశాను, ఒరిజినల్స్ కూడా తెచ్చి చూపిస్తాను. పుట్టిన తేదీ 14-08-2012, అది కరెక్టే ఉంది. పుట్టుమచ్చలు రెండు రాయాలి కదా, కుడి చెంప మీద ఒకటి, ఎడం మోచేతి కింద ఒకటి.

ఇంకొకటి, పెన్ నంబర్ టీసీ మీద తప్పకుండా వెయ్యమని అక్కడి హెచ్‌ఎం గారు ప్రత్యేకంగా చెప్పారు. యూడైస్ ప్లస్‌లో మీరు పాపని టీసీ తీసుకుని వెళ్ళినట్టు మార్క్ చేసి డ్రాప్ బాక్స్‌లో పెడితేనే వాళ్ళు అక్కడ ఇంపోర్ట్ చేసుకోగలరట, లేకపోతే పాప పేరు ఇక్కడే ఉండిపోతుంది. కాగితం ఇచ్చేసి ఆన్‌లైన్ మర్చిపోతే మళ్ళీ హైదరాబాద్ రావాలి నేను, అందుకే ముందే అడుగుతున్నాను. అపార్ ఐడీకి నేను సంతకం పెట్టిచ్చాను, అది ఇంకా జనరేట్ కాకపోతే వదిలేయండి, అక్కడ చేయించుకుంటాం. రాష్ట్రం మారుతోంది కాబట్టి టీసీ మీద ఎంఈఓ గారి కౌంటర్ సైన్ ఉంటే మంచిదన్నారు, ఎంఈఓ ఆఫీసుకి నేనే వెళ్తాను, మీరు టీసీ నాలుగు రోజులు ముందుగా, అంటే 26వ తారీకు మంగళవారానికి ఇప్పిస్తే ఆ పని చూసుకుని బస్సెక్కుతాను. టీసీతో పాటు రెండు నుంచి ఏడో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్, కండక్ట్ సర్టిఫికెట్, ఈ సంవత్సరం ఎఫ్‌ఏ-1, ఎఫ్‌ఏ-2, ఎస్‌ఏ-1 మార్కులు పడిన ప్రోగ్రెస్ కార్డు, నవంబర్ దాకా అటెండెన్స్ కూడా ఇప్పించండి.

ఇక ఫీజు. ఈ సంవత్సరం ట్యూషన్ ఫీజు 48,000, మూడు టర్ములు. మొదటిది జూన్‌లో, రెండోది సెప్టెంబర్ 28న కట్టేశాం, మొత్తం 32,000, రసీదులు జత చేశాను. రెండో టర్మ్ రసీదు మీద సెప్టెంబర్ నుంచి డిసెంబర్ అని ఉంది. పాప డిసెంబర్‌లో రాదు, అయినా ఆ నెల డబ్బులు నేను అడగట్లేదు, కట్టిన ఫీజు వాపసు ఇవ్వరని అడ్మిషన్ ఫామ్ వెనకాల ఉంది, దాని కింద నా సంతకమే ఉంది. కానీ ఆ ఫామ్ మొత్తం రెండుసార్లు చదివాను మేడం, మధ్యలో వెళ్తే రాబోయే టర్మ్ కట్టాలని అందులో ఎక్కడా లేదు. పాప కూర్చోని బెంచీకి, వినని పాఠానికి 16,000 కట్టమనడం సబబు కాదండి. ఆ మూడో టర్మ్ తీసేయండి.

బస్సు ఫీజు మాత్రం జూన్‌లోనే పది నెలలకి 15,000 ఒకేసారి కట్టాం, నెలకి 1,500 చొప్పున. డిసెంబర్ నుంచి మార్చి వరకు నాలుగు నెలలకి 6,000 మిగులుతుంది. ట్యూషన్ ఫీజులాగా దీన్ని వదులుకోలేను, ఎందుకంటే మా లైన్‌లో సీటు కోసం ఆగస్టు నుంచి ఎదురుచూస్తున్న పేరెంట్ ఒకరున్నారు, డ్రైవర్ అన్నకి కూడా తెలుసు, పాప దిగిపోయిన రోజే ఆ సీటు నిండుతుంది, స్కూల్‌కి ఒక్క రూపాయి నష్టం ఉండదు. 2019లో కట్టిన కాషన్ డిపాజిట్ 3,000 వెళ్ళేటప్పుడు తిరిగిస్తామని ఆ రసీదు మీదే ఉంది. అంటే మాకు రావాల్సింది 9,000. మేము ఇవ్వాల్సింది యాక్టివిటీ ఫీజులో బ్యాలెన్స్ 1,200. అది పోగా 7,800.

ఈ 7,800 చేతికి ఇవ్వకపోయినా పర్లేదండి. మా బావగారి అబ్బాయి రిషి మీ స్కూల్లోనే మూడో తరగతి చదువుతున్నాడు, వాడికి జనవరిలో మూడో టర్మ్ కట్టాలి, అందులో ఇది తగ్గించుకోండి, మిగతాది బావగారు కట్టేస్తారు, ఆయన ఒప్పుకుంటూ ఈ లెటర్ చివర సంతకం చేశారు. అలా అయితే మీకు చెక్కు రాసే పని ఉండదు, మాకూ తిరిగే పని ఉండదు. అడ్జస్ట్ చేసినట్టు ఒక రసీదు ఇప్పిస్తే చాలు.

లైబ్రరీ పుస్తకం ఒకటి పాప దగ్గరుంది, 30లోపు ఇచ్చేస్తుంది. కొత్త యూనిఫాం రెండు జతలు ఆగస్టులోనే కొన్నవి, బాగా ఉన్నాయి, ఆయమ్మ వాళ్ళ మనవరాలికి సరిపోతాయంటే ఇస్తానని చెప్పాను.

క్లాస్ టీచర్ గారికి, లెక్కల సార్‌కి ప్రత్యేకంగా థాంక్స్ చెప్పాలండి. నాలుగో తరగతి దాకా భిన్నాలంటే ఏడ్చే పిల్ల, ఇప్పుడు నేను కూరగాయలు కొంటుంటే ముప్పావు కేజీ ఎంతవుతుందో నాకన్నా ముందు చెప్పేస్తోంది. 30వ తారీకు ప్రేయర్‌లో ఫ్రెండ్స్‌కి చాక్లెట్లు పంచుతానంటోంది, దానికి పర్మిషన్ ఇవ్వండి.

బుధవారం 20వ తారీకు పొద్దున పదింటికి నేను స్కూల్‌కి వస్తాను, మీకు వీలుంటే ఐదు నిమిషాలు కలుస్తాను. వీలు కాకపోతే ఆఫీసులో ఉన్న నా నంబర్‌కి వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టించండి, మీరు చెప్పిన టైంకే వస్తాను.

ఇట్లు,
సునీత
(హర్షిత తల్లి, 7వ తరగతి బి సెక్షన్, అడ్మిషన్ నంబర్ 1147)

జత చేసినవి: బర్త్ సర్టిఫికెట్, పాప ఆధార్, నా ఆధార్ జిరాక్సులు, ట్యూషన్ ఫీజు రసీదులు రెండు, బస్సు ఫీజు రసీదు, 2019 కాషన్ డిపాజిట్ రసీదు.

పైన రాసిన 7,800 రూపాయలు మా అబ్బాయి రిషి (3వ తరగతి, ఏ సెక్షన్) మూడో టర్మ్ ఫీజులో అడ్జస్ట్ చెయ్యడానికి నాకు సమ్మతమే. మిగతా మొత్తం జనవరి 10లోపు కడతాను.
శ్రీనివాస్ (రిషి తండ్రి)