మిణుకమ్మ

సుమారు నాలుగు నిమిషాల యానిమేషన్ చిత్రం. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు నిద్రపోయే ముందు చూడటానికి.

పాత్రలు
మిణుకమ్మ: సిగ్గరి మిణుగురు
చంటి: ఈమధ్యే ఎగరడం నేర్చుకున్న బుల్లి మిణుగురు
సూరి మామ: తోటలో అందరికంటే పెద్ద మిణుగురు
మామ్మ: కథ చెప్పే గొంతు. తెర మీద కనిపించదు.

యానిమేటర్లకు: మిణుగురు వెలుగు పొట్ట చివర, కింది వైపు ఉంటుంది. తల మీద గీయొద్దు. రంగు పసుపు కలిసిన లేతాకుపచ్చ. ఆ వెలుగులో వేడి ఉండదు కాబట్టి పొగలు, నిప్పురవ్వలు వద్దు. నిద్రవేళ సినిమా ఇది, కెమెరా ఎక్కడా విసురుగా తిరగకూడదు.

దృశ్యం 1. కోనసీమలో కాలువ పక్క కొబ్బరితోట. రాత్రి.

(వాన అప్పుడే వెలిసింది. కప్పల బెకబెకలు. తోట మధ్య పనసచెట్టు నిండా మిణుగురులు. కెమెరా చెట్టు మీంచి మెల్లగా కిందికి దిగి, గట్టు మీద గడ్డిలో ఆగుతుంది. ఒక ఆకు వెనక రెండు కళ్లు.)

మామ్మ: అనగనగా ఓ మిణుకమ్మ. మృగశిర కార్తె వచ్చింది, తొలి వానలు పడ్డాయి. మిణుగురులన్నీ చెట్టెక్కి ఆడుకుంటున్నాయి. మన మిణుకమ్మ మాత్రం గడ్డి వదిలి రాదు.

సూరి మామ: (పైనుంచి) అమ్మడూ! రావే, అందరం నీకోసమే చూస్తున్నాం!

(‘అందరం’ అనగానే మిణుకమ్మ పొట్ట కింద వెలుగు టక్కున ఆరిపోతుంది.)

మిణుకమ్మ: (గుసగుసగా) అందరూ చూస్తారనే కదా మామా, రానిది.

దృశ్యం 2. కాలువ గట్టు మీద వీధిలైటు.

(తెల్లటి పెద్ద వెలుగు. చంటి దాని చుట్టూ గింగిరాలు తిరుగుతుంటాడు. ఆగి, తన పొట్ట వైపు వంగి చూసుకుంటాడు.)

చంటి: అదేంటి? వెలిగిస్తున్నాను కదా... నా వెలుగు నాకే కనబడట్లేదే!

(ఒక్కసారిగా వీధిలైటు ఆరిపోతుంది. దూరంగా ఇళ్లలోంచి “కరెంటు పోయింది” అన్న కేకలు. కొబ్బరాకు మీంచి పెద్ద నీటిచుక్క జారి చంటి మీద పడుతుంది. చంటి గడ్డిలోకి జారిపోతాడు. దెబ్బ తగిలినట్టు చూపొద్దు, మెత్తగా పడాలి.)

దృశ్యం 3. గడ్డి లోపల.

(చంటి ఎత్తు నుంచి చూస్తున్నాం. గడ్డిపోచలు తాటిచెట్లంత. తడిసిన రెక్కలు విచ్చుకోవు.)

చంటి: మామా... సూరి మామా...

(పైన చెట్టు మీద వందల వెలుగులు. ఒకటి ఆరేలోపు ఇంకోటి.)

మామ్మ: వెలుగులు బోలెడున్నాయి. కానీ అన్నీ ఎక్కడో పైన. రెక్క తడిసిన చంటి నడిచే రావాలి. నడిచేవాడికి దారి కింద కావాలి కదా నాన్నా?

(మిణుకమ్మ ఆకు వెనక నుంచి తొంగిచూస్తుంది. నోరు తెరుస్తుంది, మాట రాదు. ఆకు వెనక్కి వెళ్లిపోతుంది. మళ్లీ తొంగిచూస్తుంది. ఇక్కడ తొందరపడొద్దు. ఈ సినిమా అంతా ఈ ఇరవై సెకన్ల కోసమే. సంగీతం ఆపేయండి, కీచురాళ్ల చప్పుడు చాలు.)

(కళ్లు గట్టిగా మూసుకుని వెలిగిస్తుంది. చాలా చిన్న వెలుగు. ఆరుతుంది. కాస్త ఆగి, మళ్లీ.)

చంటి: (ముక్కు ఎగబీల్చి) ఎవరు?

(జవాబు లేదు. వెలుగు మాత్రం వస్తుంది. చంటి అడుగేస్తాడు. వెలుగు ఆరితే ఆగుతాడు, వెలిగితే నడుస్తాడు. పిల్లలు కూడా చంటితో పాటు ఊపిరి పీల్చి వదిలేంత నిదానంగా ఇది నాలుగుసార్లు జరగాలి. ప్రతిసారీ వెలుగు కొంచెం పెరగాలి.)

దృశ్యం 4. ఆకు వెనక.

(ఇద్దరూ ఎదురెదురుగా. మిణుకమ్మ ఇంకా కళ్లు మూసుకునే ఉంది.)

చంటి: అక్కా, కళ్లు తెరువు. నేనొక్కడినే ఉన్నాను.

(ఒక కన్ను తెరుస్తుంది. తర్వాత రెండోది.)

మిణుకమ్మ: రెక్కలు ఆరేదాకా ఇక్కడ కూర్చో. గాలి ఇటే వస్తుంది.

సూరి మామ: (కంగారుగా పైనుంచి) చంటీ! ఎక్కడున్నావురా?

చంటి: అక్క దగ్గర! గడ్డిలో!

సూరి మామ: (హమ్మయ్య అన్నట్టు) మిణుకమ్మ దగ్గరా? ఇంకేం, అక్కడే ఉండు నాన్నా. మేమెవరం కిందికి దిగంలే అమ్మడూ.

(మిణుకమ్మ నవ్వుతుంది. వెలుగు ఆర్పడం మర్చిపోయింది.)

మామ్మ: చంటి రెక్కలు ఆరాయి. అయినా వాడు లేవలేదు.

చంటి: (ఆవలిస్తూ) అక్కా, రేపు కూడా ఇక్కడే ఉంటావా?

మిణుకమ్మ: ఉంటాను. కానీ ఎవర్నీ వెంటపెట్టుకు రాకు.

చంటి: మా చెల్లిని?

మిణుకమ్మ: (చాలాసేపు ఆలోచించి) చిన్నదేనా?

చంటి: నాకంటే చిన్నది.

మిణుకమ్మ: అయితే తీసుకురా.