మూ 4 అం 6

తాత నోటుపుస్తకంలో ఆ తలుపుకి ఒక్క వరసే ఉంది. "పెరంబూరు, ముందు గది. నిడివి మూ 4 అం 6. వెడల్పు మూ 1 అం 20. రెక్క ఒకటి."

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. పాత ఇల్లు పడగొట్టి కట్టిన కొత్త ఇంట్లో పూజగదికి అదే కొలతతో తలుపు కావాలన్నారు ఇంటివాళ్ళు. గుమ్మం కమ్ములు చెదపట్టి పోయాయి, మిగిలింది గడప ఒక్కటే. దాన్నే మళ్ళీ వాడాలి.

గిరి ఫోను తీసి లెక్క కట్టాడు. మూరంటే 18 అంగుళాలు, 45.72 సెంటీమీటర్లు. అంగుళం 2.54. నిడివి 198.12 వచ్చింది. పూజగది తలుపుకి బాగానే ఉంది అనుకుని వెడల్పు వేశాడు. 96.52. అది కూడా రాసుకున్నాక పెన్సిలు ఆగింది. 18 అంగుళాలకే మూర నిండిపోతే, మూర మీద ఇంకా 20 అంగుళాలు ఎట్ట మిగులుతాయి? తాత దాన్ని రెండు మూరల రెండు అంగుళాలని రాసుండాలి కదా.

"మేస్త్రీ, ఈ అంగుళం టేపు మీద అంగుళం కాదు."

"కాదు. వేలి వెడల్పు. జానకి పన్నెండు, మూరకి ఇరవై నాలుగు," అన్నాడు మేస్త్రి, చిత్రిక ఆపకుండానే. నిడివి మొదట సరిపోయినట్టు కనిపించిందంటే, అందులో అంగుళాలు ఆరే కాబట్టి తేడా తెలియలేదు.

గిరి మళ్ళీ మొదలెట్టాడు. 45.72ని 24తో భాగిస్తే 1.905. తేలిగ్గా ఉంటుందని 1.9 చేసుకున్నాడు. వెడల్పు 44 అంగుళాలు, 83.6. ఆ కాగితం పట్టుకుని గడప దగ్గర కూర్చున్నాడు. రెక్క ఆనే గాడి ఈ కొస నుంచి ఆ కొస దాకా చెక్కుచెదరకుండా ఉంది. టేపు కొక్కెం కాస్త ఆడుతుందని పది మీద పెట్టి కొలిచాడు. అవతలి కొస 96.3 దగ్గర పడింది. అంటే గాడి 86.3.

83.6 రెక్క పెడితే 2.7 సెంటీలు ఖాళీ. వేలు దూరిపోతుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి తాత చెయ్యే కొలిచాడు. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా 45.1. వేళ్ళు ఇప్పుడు పూర్తిగా చాపుకోవు, గోరింటాకు పెట్టించుకుంటున్నట్టు కాస్త వంగే ఉంటాయి.

"చెయ్యి కొలుస్తావేందిరా," అన్నాడు తాత. "చేత్తో పూలమ్మే ఆమె కొలుస్తుంది. నాకు మూరకర్ర ఉండేది."

"ఏదీ తాతా?"

"నీళ్ళ పొయ్యిలోకి పోయింది."

"సరే. నువ్వు రాసింది రెక్క కొలతా, గుమ్మం కొలతా?"

"రెక్కది. గుమ్మం అటు ఒక యవ, ఇటు ఒక యవ వదిలి చేస్తాం. అంగుళంలో ఎనిమిదో వంతు."

అప్పుడు దారి దొరికింది. 44 అంగుళాలు, దాని మీద రెండు యవలు, అంటే 44.25 అంగుళాలు కలిస్తే గడప గాడి, 86.3. భాగిస్తే అంగుళం 1.95. తాత కర్ర మూర 46.8. బజారు మూరకంటే ఒక సెంటీ పైమాటే ఎక్కువ.

రెక్క వెడల్పు 85.8. నిడివి 102 అంగుళాలు, 198.9.

మర్నాడు మేస్త్రి కాగితం చూసి, ముందు రోజు కొట్టేసిన 1.9 మీద వేలు పెట్టాడు. "తప్పు ఇక్కడ కూడా పెరిగిందిరా. వేలికి మిల్లీలో ఇరవయ్యో వంతు తగ్గించావు, 102 వేళ్ళకి అర సెంటీ మింగేసింది. తగ్గించడం, పెంచడం చివర్లో ఒక్కసారే." తర్వాత 198.9 పక్కన 200 అని రాశాడు. కోత కొలత అది, మిగిలిన సెంటీ చిత్రికకీ, గుమ్మంలో నిలబెట్టి సరిచూసుకునేటప్పటికీ. వెడల్పు విషయంలో మాత్రం యవ చాలదన్నాడు. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకి టేకైనా ఉబ్బుతుంది. పక్కకి మూడు మిల్లీలు వదిలితే 85.7. పూజగది తలుపు కార్తీక మాసంలో పట్టేస్తే ఇంటావిడ మాట ఎవరు పడతారు?

సాయంత్రం తాత నోటులో ఆ వరస కిందే గిరి రాశాడు: మూర 46.8, అంగుళం 1.95. అందులో ఇంకా ముప్పైకి పైగా తలుపులున్నాయి. ఇక దేనికీ గడప వెతకక్కర్లేదు.

తాత కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు.

"బాగానే ఉంది. అయితే సగం నుంచి కర్ర మారిందిరా. ముందుదానికి చెదలు పట్టింది."

"ఏ పేజీ నుంచి తాతా?"

"రాసుకోలేదు."