మీ కోర్సు రద్దు, కట్టిన వాయిదాలు, రీఫండ్ వివరాలు

సాయికిరణ్ గారికి,

నమస్తే. డేటా అనలిటిక్స్ కోర్సు మానేస్తానని మీరు జులై 17న రాసిన మెయిల్ చూశాను. కొత్త ఉద్యోగంలో నైట్ షిఫ్టు పడితే రాత్రి ఎనిమిది గంటల క్లాసు కుదరదు, అర్థమైంది.

ముందు లెక్క చెబుతాను. కోర్సు ఫీజు 36,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 42,480. దీన్ని నాలుగు వాయిదాలు చేశాం, ఒక్కొక్కటి 10,620. జూన్ 5న మొదటిది మీ నాన్నగారి యూపీఐ నుంచి, జులై 5న రెండోది మీ ఖాతా నుంచి వచ్చాయి. అంటే ఇప్పటికి మీరు కట్టింది 21,240.

ఇదంతా వెనక్కి ఇమ్మని అడిగారు. బ్యాచ్ మొదలైన ఏడు రోజుల్లోపు మానేస్తేనే మొత్తం ఫీజు వాపసు వస్తుంది. మీ బ్యాచ్ జూన్ 8న మొదలైంది కాబట్టి ఆ గడువు దాటిపోయింది. ఆ తర్వాత పన్నెండో వారం లోపు మానేస్తే, జరిగిన వారాలకు ఫీజు పట్టుకుని మిగతాది ఇస్తాం. తొమ్మిది క్లాసులకే వచ్చానన్నారు, నిజమే, హాజరు చూశాను. కానీ రికార్డింగులు అందరికీ అందుబాటులో ఉంటాయి కనుక లెక్క హాజరును బట్టి కాదు, వారాలను బట్టి. మొత్తం 24 వారాలు, వారానికి 1,500. మీరు రాసిన రోజుకు ఆరో వారం నడుస్తోంది. ఆరు వారాలకు 9,000, జీఎస్టీతో 10,620.

దీని మీద రద్దు చార్జీ 1,500 కూడా పడాలి. అయితే చేరేటప్పుడు మా కౌన్సెలర్ మీతో మాట్లాడిన కాల్ విన్నాను. "నచ్చకపోతే డబ్బు వాపసు" అన్నారే గానీ ఏడు రోజుల మాట ఎత్తలేదు. అది మా తప్పే. అందుకని ఆ చార్జీ తీసేయించాను.

కాబట్టి మీకు వచ్చేది 10,620, సరిగ్గా ఒక వాయిదా. రెండో వాయిదా కట్టిన మీ ఖాతాకే వేస్తాం, నాన్నగారి ఖాతాకు కాదు. మీరు సరేనని జవాబిచ్చాక ఏడు పనిదినాల్లో జమవుతుంది. జవాబు నాలుగు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు, లెక్క జులై 17 దగ్గరే ఆగింది.

ఒక్క జాగ్రత్త: ఆగస్టు 5న మూడో వాయిదాకు ఆటోపే పెట్టి ఉంది. మా వైపు ఆపమని చెప్పాను, అయినా మీరు కూడా యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి రద్దు చేసేయండి. పొరపాటున కోత పడితే ఆ మొత్తం పూర్తిగా తిరిగి ఇస్తాం.

ఎస్‌క్యూఎల్ ప్రాక్టీసు ఫైళ్లు కావాలంటే జులై 31 లోపు దించుకోండి, ఆ తర్వాత లాగిన్ పనిచేయదు.

ఇంకో మాట. సెప్టెంబర్ 5 నుంచి శని, ఆదివారాల్లో పగటి బ్యాచ్ ఉంది. అందులోకి మారితే కట్టిన రెండు వాయిదాలూ అలాగే చెల్లుతాయి, మారినందుకు అదనంగా ఏమీ కట్టనక్కర్లేదు, ఏడో వారం నుంచి కొనసాగవచ్చు. మానేయాలనే అనుకుంటే మాత్రం మొహమాటపడకండి, "రీఫండ్" అని ఒక్క మాట రాస్తే చాలు.

ఇట్లు,
మాధవి
ఫీజుల విభాగం