పోయిన ప్యాకెట్‌ను పోనివ్వడం ఎందుకు? శనివారం ప్రెజెంటేషన్‌కి ముందుగా మీకు నా ప్రశ్నలు

మీ ఇద్దరి స్లైడ్లూ చూశాను. కొండమీది సబ్‌సెంటర్లో ఉండే ఏఎన్‌ఎమ్ మాటని పర్లాకిమిడిలోని డాక్టరుకి చేర్చే ప్రోటోకాల్, అదీ ఆర్టీపీ పద్ధతిలో యూడీపీ మీద. పని బాగుంది. శనివారం బయటి ఎగ్జామినర్ వస్తున్నారు, ఆయనకి తెలుగు రాదు, ఒడియా, ఇంగ్లీషే. కాబట్టి జవాబులు ఇంగ్లీషులో సిద్ధం చేసుకోండి. నేనడిగేవి ముందే రాస్తున్నాను, కూర్చుని లెక్కలు వేసుకు రండి.

1. నాలుగో స్లైడులో "టీసీపీ నమ్మకం, యూడీపీ వేగం" అని రాశారు. ప్రతి ఏడాదీ ప్రతి బ్యాచ్ ఇదే రాస్తుంది, నాకు విసుగొచ్చింది. రెండూ ఐపీ ప్యాకెట్లే, వెళ్లేది అదే దారిలో. మరి యూడీపీ ప్యాకెట్ ఏ వైరులో ఎక్కువ వేగంగా పరిగెత్తింది?

ఆలస్యం ఎక్కడ పుడుతోందో మీ అంకెలతోనే చూపించండి. మీ ఫ్రేము 20 మిల్లీసెకన్లు. మీరు కొలిచిన రానూపోనూ సమయం 90. ఒక ప్యాకెట్ పోయింది. టీసీపీకి ఆ సంగతి తెలియాలంటే వెనక మూడు ప్యాకెట్లు వచ్చి మూడు డూప్లికేట్ యాక్‌లు తిరిగి వెళ్లాలి. అంటే 60, ఆపైన 90. ఈలోగా వచ్చిన ఫ్రేములు ఎన్ని, బఫర్లో చేతులు కట్టుకుని ఎన్ని నిలబడ్డాయి? మీ బఫరేమో 60 మిల్లీసెకన్లే. టైమర్ మోగేదాకా ఆగాల్సి వస్తే సంగతి ఇంకా అన్యాయం: ఆర్‌ఎఫ్‌సీ 6298 కనీసం ఒక సెకను ఆగమంటుంది, లినక్స్ 200 మిల్లీసెకన్లతో సరిపెడుతుంది.

2. పై లెక్క ఒప్పుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. మన ల్యాబ్‌లో రెండు కంప్యూటర్ల మధ్య రానూపోనూ రెండు మిల్లీసెకన్లు కూడా పట్టదు. అక్కడ వరుస నంబరులో ఖాళీ కనబడగానే "ఆ ప్యాకెట్ మళ్లీ పంపు" అని అడిగితే 60 లోపల హాయిగా వచ్చేస్తుంది. అయినా మీ డిజైను అడగదు. ఎందుకని? రానూపోనూ ఎంత ఉన్నంతవరకు అడగడం లాభం? ఆ హద్దు ఒక సంఖ్యగా చెప్పండి. ఐటీయూ జీ.114 ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదంటుంది. మీ ఖర్చు 45, 60, 20 కలిపి 125. మిగిలిన 25ని బఫర్‌కి ఎందుకు ఇవ్వలేదు?

3. యూడీపీకి 1980, ఆర్‌ఎఫ్‌సీ 768 అని తేదీ వేసి ఊరుకున్నారు. ఆ ఎనిమిది బైట్ల హెడర్లో ఏముంది? రెండు పోర్టులు, పొడవు, చెక్‌సమ్. మరి "పోతే పోనీ" అన్న నిర్ణయం యూడీపీదా, ఐపీదా? మొదట టీసీపీ, ఐపీ ఒకే ముద్దగా ఉండేవి, 1978లో విడదీశారు. విడదీయాలని ఒత్తిడి తెచ్చిన కారణాల్లో ఆర్పానెట్ మీద మాట పంపే ప్రయోగాలు ఒకటి. డేవిడ్ క్లార్క్ 1988 వ్యాసంలో ఆ సంగతి ఉంది. అది చదివి ఈ ప్రశ్నకి రండి. మీ ప్రాజెక్టు ఆ వాదానికి మనవడి వరస.

4. ఇది నా పెద్ద ప్రశ్న, దీనికే ఎక్కువ మార్కులు.

సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్‌ల ఎండ్-టు-ఎండ్ వాదాన్ని కోట్ చేశారు. మాటలో ముక్క పోతే విన్న మనిషే "ఏమన్నారు, మళ్లీ చెప్పండి" అంటాడు, నెట్‌వర్క్ దిద్దక్కర్లేదు అన్నది అందులో సారం. సరే. కానీ తొమ్మిదో స్లైడులో ఓపస్ డీకోడరు పోయిన ఫ్రేమును ముందరి ఫ్రేముల్నిబట్టి ఊహించి పూడుస్తుంది, "వినేవారికి తెలియనే తెలియదు" అని గర్వంగా రాశారు. తెలియనే తెలియకపోతే మళ్లీ చెప్పమని ఎవరడుగుతారు? ఈ రెండు స్లైడ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి కదా!

డాక్టరు "ఆ ఇంజక్షన్ ఇవ్వకండి" అన్నారనుకోండి. మధ్యలో "క" ఒక్కటీ పోయి, పూడ్చుడు నున్నగా కుదిరితే అవతల వినబడేది "ఇవ్వండి". ఒక అక్షరానికి సుమారు వంద మిల్లీసెకన్లు వేసుకోండి, అంటే వరసగా ఐదు ఫ్రేములు. అంత పొడుగు నష్టాన్ని మీ డీకోడరు పూడుస్తుందా, నిశ్శబ్దంలోకి జారిపోతుందా? జీ.711 అనుబంధం 1 పద్ధతి 60 మిల్లీసెకన్లు దాటితే మౌనమే ఇస్తుంది. మౌనమే మేలని నా అభిప్రాయం, కాదంటారా? నష్టం జరిగిందని వినేవారికి ఒక చిన్న బీప్ ఇవ్వాలని ఎందుకు అనుకోలేదు? డిజైను నష్టాన్ని సహిస్తోందా, దాచిపెడుతోందా, ఈ తేడా మీద రెండు నిమిషాలైనా మాట్లాడండి.

5. మీ పరీక్ష మొదటి లైనుతో చేశారు. నా ముందు రెండో లైను కూడా నడిపి చూపించండి.

```
tc qdisc add dev eth0 root netem loss 3%
tc qdisc change dev eth0 root netem loss gemodel 0.6% 20%
```

రెండింట్లోనూ సగటు నష్టం సుమారు 3 శాతమే. మొదటిదాంట్లో ప్యాకెట్లు అక్కడొకటి ఇక్కడొకటి పోతాయి. రెండోదాంట్లో సగటున ఐదేసి వరసగా పోతాయి. కొండ వెనక సిగ్నల్ దాగే మన గజపతి జిల్లాలో ఏది జరుగుతుందో మీకు నేను చెప్పాలా? ఓపస్ ఎఫ్‌ఈసీ ప్రతి ప్యాకెట్లో దాని ముందరి ఒక్క ఫ్రేము నకలే మోస్తుంది. ఐదు పోతే ఎన్ని తిరిగొస్తాయి?

6. రద్దీ వల్లే ప్యాకెట్లు పోతున్నాయనుకుందాం. టీసీపీ తగ్గుతుంది. మీరు తగ్గకపోగా ఎఫ్‌ఈసీ పెంచుతున్నారు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్, బర్క్‌లీ యూనివర్సిటీల మధ్య 32 కిలోబిట్ల వేగం 40 బిట్లకి పడిపోయిన కథ క్లాసులో చెప్పాను. నష్టాన్ని సహించడానికీ, నష్టం ఇచ్చే సంకేతాన్ని పట్టించుకోకపోవడానికీ మీరెక్కడ గీత గీశారు?

7. వరుస నంబరు 16 బిట్లు, సెకనుకి 50 ప్యాకెట్లు. ఇరవై రెండో నిమిషం లోపలే నంబరు సున్నాకి తిరుగుతుంది. ఆ క్షణాన మీ రిసీవరు 65 వేల ప్యాకెట్లు పోయాయని రాసుకుంటుందా? జవాబొద్దు, లాగ్ చూపించండి.

8. వైఫై ప్రతి యూనికాస్ట్ ఫ్రేముకీ యాక్ అడుగుతుంది, రాకపోతే కిందనే మళ్లీ పంపుతుంది. కాబట్టి మీరు "మళ్లీ పంపం" అన్నా కింద ఎవరో పంపుతూనే ఉన్నారు. మీరు కొలిచిన జిట్టర్లో దాని వాటా ఎంతని అడిగితే ఏం చెబుతారు?

9. పదమూడో స్లైడు మూలన చిన్న అక్షరాల్లో ఒకటి కనబడింది: కాల్ అయ్యాక డాక్టరు టైపుచేసిన మందుల చీటీ కూడా ఇదే యూడీపీ పోర్టు మీద, ఇదే పద్ధతిలో పోతుందట. అదీ పోతే పోనీ అంటారా?