స్రవంతి, చైతన్యల సేవ్ ది డేట్ వీడియో: ఎడిటింగ్‌కి ముందు ఒకసారి చదవండి

రమేష్ గారూ, నమస్తే.

నిశ్చితార్థం ఫొటోలు, క్లిప్పులు అన్నీ డ్రైవ్‌లో పెట్టాను. నేను ఎంచుకున్నవి "ఫైనల్" ఫోల్డర్‌లో ఉన్నాయి. చెల్లి పెళ్లి కబురు చుట్టాలకి మొదట చేరేది ఈ వీడియోతోనే. అందుకే ఫోన్‌లో సగం సగం చెప్పకుండా రాసి పంపుతున్నాను.

మొత్తం 48 సెకన్లు, నిలువు వీడియో. మ్యూజిక్ మా బాబాయి స్నేహితులు మనకోసం వాయించి ఇచ్చిన వేణువు, మోహన రాగంలో. సినిమా పాట పెడదామని చైతన్య అడిగాడు కానీ, ఇన్‌స్టాలో కాపీరైట్ కింద సౌండ్ తీసేస్తే మూగ వీడియో మిగులుతుంది. ఈ ట్రాక్ నిమిషానికి 80 బీట్లు. అంటే నాలుగు బీట్లకి సరిగ్గా 3 సెకన్లు. కట్లన్నీ ఆ మూడు సెకన్ల లెక్కలోనే పడాలి.

మొదటి 6 సెకన్లు లగ్నపత్రిక క్లిప్. నాయనమ్మ వేలితో కాగితం మూలలకి పసుపు రాస్తుంది చూడండి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. వెనక పురోహితుల గొంతు, సన్నగా తంబురా, అంతే. 6వ సెకనులో మృదంగం అందుకోగానే ఫొటోలు: తాంబూలాలు మార్చుకోవడం, చీర సారె పళ్లాలు, ఇద్దరి అమ్మానాన్నలు, పీటల మీద స్రవంతి. ఒక్కోటి 3 సెకన్లు. జూమ్ 100 నుంచి 105 శాతం దాటొద్దు. అడ్డ ఫొటోలని నిలువుకి కత్తిరిస్తే అంచున నిలబడ్డ పెద్దత్తయ్య, మావయ్య పోతారు. ఫొటో మొత్తం ఉంచి, పైనా కిందా చీర అంచులోని చిలకపచ్చ రంగు నింపండి. బ్లర్ వద్దు.

18 నుంచి 27 దాకా ఉంగరం క్లిప్. వీడియో అంతటికీ ప్రాణం ఇదే. ఉంగరం చైతన్య వేలి కణుపు దగ్గర ఆగిపోయింది. స్రవంతి తలెత్తి అమ్మ వైపు చూసింది. వెనక నుంచి ఎవరో "కాస్త తిప్పమ్మా" అన్నారు. అది ఎక్కగానే హాలంతా నవ్వింది. ఆ తొమ్మిది సెకన్లలో ఒక్క కట్ కూడా వద్దు, స్లో మోషన్ వద్దు. మ్యూజిక్ బాగా తగ్గించి ఆ నవ్వుని అలాగే వినిపించండి. నవ్వు చివర వేణువు మెల్లగా పైకి రావాలి.

27 నుంచి 33 వరకు వేగం పెంచండి: నాలుగు ఫొటోలు, ఇక్కడ మాత్రం ఒక్కోటి సెకనున్నర, అంటే రెండు బీట్లు. పిల్లలు, అక్షింతలు, స్నేహితులు, సెల్ఫీ. 33లో ఊపిరి పీల్చుకున్నట్టు ఆగాలి. పుష్కర ఘాట్ మెట్ల మీద ఇద్దరూ, వెనక సాయంత్రం గోదావరి, దూరంగా ఆర్చి బ్రిడ్జి. ఆ క్లిప్ 6 సెకన్లు. దాని మీద పేర్లు:

స్రవంతి
చైతన్య

39 నుంచి చివరి దాకా అదే గోదావరి, కాస్త మసకగా. దాని మీద:

26 నవంబర్ 2026, గురువారం
రాజమహేంద్రవరం
ఆ రోజు మాకోసం ఉంచండి.
శుభలేఖతో మళ్లీ పిలుస్తాం.

ఇంకేమీ రాయొద్దు. ముహూర్తం, కల్యాణ మండపం, చి.ల.సౌ.లు, పెద్దల పేర్లు శుభలేఖలో వస్తాయి. నాన్న అవి కూడా పెట్టించమన్నారు, ఆయనకి నేను నచ్చజెప్పాను. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య వాళ్లకి ఇప్పుడు కావాల్సింది సెలవు పెట్టుకోవడానికి తేదీ, టికెట్లు తీసుకోవడానికి ఊరు. తేదీ అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, ఎగరకుండా, తిరగకుండా, తొమ్మిది సెకన్లూ కదలకుండా ఉండాలి.

అక్షరాలు దంతపు తెలుపు, ఫాంట్ మండలి. ఒత్తులు మాత్రం దయచేసి చూసుకోండి. మా ఇంట్లో ఇంతకుముందు ఒక పెళ్లి వీడియోలో ఒత్తులు విడిపోయి, పెళ్లికూతురి పేరే తప్పుగా వచ్చింది. అది నాలుగు వందల మందికి వెళ్లిపోయాక కానీ ఎవరూ గమనించలేదు. "స్ర"లో క్రావడి, "న్య"లో యవత్తు సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా రాకపోతే చెప్పండి, పేర్లు బొమ్మగా చేసి నేనే పంపిస్తాను.

చివర్లో నాదస్వరం రెండు వరసలు చాలు. గట్టిమేళం మాత్రం పెట్టకండి. అది తాళి కట్టేటప్పుడు మోగాల్సింది, నవంబర్ దాకా దాన్ని అలాగే ఉంచుదాం.

ఆగస్టు 14, శ్రావణ శుక్రవారం పొద్దున అందరికీ పంపుతున్నాం. మొదటి కాపీ 8వ తేదీకల్లా ఇవ్వగలరా? వాట్సాప్‌లో వీడియోగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పెట్టండి. రాగానే ముందు నాయనమ్మ ఫోన్‌లో పెట్టి ఆవిడ చేతికిస్తాను. కళ్లజోడు వెతుక్కోకుండా తేదీ చదివిందంటే మీకు ఓకే చెప్పేస్తాను.

ఉంటాను,
స్రవంతి వాళ్లక్క