మన ఇంటి వరద సీజన్ డాక్యుమెంట్ కిట్ (జూన్ నుంచి నవంబర్ చివరిదాకా)

ఇది గ్రూపులో పిన్ చేస్తున్నా, తమ్ముడూ నువ్వొక ప్రింటు తీసి బీరువా తలుపు లోపలివైపు అతికించు, నాన్న ఫోన్లో చదవడు కాబట్టి అక్షరాలు పెద్దగా పెట్టు.

పౌచ్‌లో ఏం పెట్టాలి అనేదానికి నా లెక్క ఒకటే, అది తడిసిపోతే మళ్ళీ తెచ్చుకోడం ఎంత కష్టం అని. ఆధార్ పీవీసీ కార్డు పోతే ఆన్‌లైన్‌లో మళ్ళీ ఆర్డర్ పెట్టుకోవచ్చు, తాతయ్య వీలునామా మళ్ళీ ఎవరొచ్చి రాస్తారు? అందుకే "ఇది కూడా ఉండనీ" అంటూ కరెంటు బిల్లులూ పెళ్ళి శుభలేఖలూ అందులో కుక్కొద్దమ్మా, బరువైతే ఎవరూ ఎత్తుకెళ్ళరు.

నీలం పౌచ్ (ఒరిజినల్స్ మాత్రమే)

ఎక్కడుంటుంది: అమ్మ బీరువా పై అర, కుడివైపు. బీరువాకి తాళం వేసినా తాళంచెవి ఎక్కడుందో మరదలికి కూడా తెలియాలి.

1. తాతయ్య వీలునామా. రిజిస్టర్ చేయించలేదు, అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కాపీ కూడా ఉండదు, మన దగ్గరున్నదే లోకంలో ఉన్నది. అన్నిటికన్నా ముందు ఇది.
2. పొలం పట్టాదారు పాస్‌బుక్, దానికి సంబంధించిన లింకు డాక్యుమెంట్లు.
3. ఇంటి సేల్ డీడ్ ఒరిజినల్ లోన్ తీరేదాకా బ్యాంకులోనే ఉంటుంది, వెతుక్కుని కంగారు పడకండి. మన దగ్గరుండాల్సింది బ్యాంకు వాళ్ళు ఏయే కాగితాలు తీసుకున్నారో స్టాంపు వేసి ఇచ్చిన లిస్టు, అది పోతే రేపు లోన్ క్లోజ్ చేసినప్పుడు ఏమేం తిరిగి రావాలో చెప్పడానికి మన చేతిలో ఏమీ ఉండదు.
4. తమ్ముడివీ మరదలివీ టెన్త్ మెమోలు, ఇంటర్, డిగ్రీ పట్టాలు. డూప్లికేట్ కావాలంటే అఫిడవిట్ అనీ పోలీస్ కాగితం అనీ తిప్పుతారు.
5. పాస్‌పోర్టులు. తడిసి ఉబ్బిన పాస్‌పోర్టుని డ్యామేజ్ అయినట్టే లెక్కేస్తారు, రీఇష్యూకి వెళ్ళాలి.
6. పిల్లాడి బర్త్ సర్టిఫికెట్, మ్యారేజ్ సర్టిఫికెట్లు, నాన్న పెన్షన్ పీపీఓ.
7. ఇన్సూరెన్స్ బాండ్లు, ఎఫ్‌డీ రసీదులు, అమ్మ గాజులు తాకట్టు పెట్టిన గోల్డ్ లోన్ రసీదు. (అమ్మా, దాన్ని పర్సులో పెట్టుకుని తిరక్కు.)
8. నాన్నమ్మ డిశ్చార్జ్ సమ్మరీ, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ. రిలీఫ్ క్యాంపులో డాక్టర్‌కి "తెల్ల బిళ్ళ, ఎర్ర బిళ్ళ" అని చెప్తే ఏం ఇస్తాడు పాపం.

వీటితోపాటు ఒక చిన్న కవర్లో కొంచెం చిల్లర నోట్లు, ఫోన్ నంబర్లు చేత్తో రాసిన కార్డు, పెన్‌డ్రైవ్, ఓటీజీ పిన్. కార్డు బాల్‌పెన్‌తో రాయండి, జెల్ పెన్ను ఇంకు నీళ్ళు తగిలితే పారిపోతుంది. ఆ కార్డు మీద 112, స్టేట్ కంట్రోల్ రూం 1070, జిల్లా కంట్రోల్ రూం 1077 కూడా.

ఆధార్, పాన్, ఓటరు, రేషన్ కార్డుల ఒరిజినల్స్ ఎప్పట్లాగే ఎవరి పర్సులో వాళ్ళకి. నాన్నమ్మవి మాత్రం పౌచ్‌లో.

ప్యాకింగ్

ఒక్కో రకం ఒక్కో జిప్ కవర్లో, గాలి నొక్కేసి మూయాలి, ఆ కవర్లన్నీ కలిపి పైన మడతపెట్టి క్లిప్ వేసే డ్రై బ్యాగ్‌లో. మూతి కనీసం మూడు మడతలు పడాలి, ఒక్క మడత వేసి క్లిప్ పెట్టేస్తే నీళ్ళు లోపలికి పాకుతాయి, అందుకే బ్యాగ్ నిండా కుక్కొద్దు అనేది. ముసురు పట్టిన రోజు ప్యాక్ చేయకండి, కాగితంలో ఉన్న చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేస్తే మంచిది.

స్టాంప్ పేపర్లు, మెమోలు లామినేషన్ చేయించొద్దు. ఒకసారి వేశాక ఊడదీయలేం, పాత కాగితం వేడికి పాడవుతుంది, ఆ గోల్డ్ లోన్ రసీదులాంటి థర్మల్ ప్రింటు అయితే మెషిన్లో పెట్టగానే నల్లగా మాడిపోతుంది.

టెస్ట్: ఖాళీ బ్యాగ్‌లో టిష్యూ పేపర్ పెట్టి, మూతి మడిచి, బకెట్ నీళ్ళలో ముంచి పైన బరువు పెట్టి అరగంట ఉంచండి. టిష్యూ తడిస్తే ఆ బ్యాగ్ ఇంక కూరగాయలకే.

డిజిటల్ కాపీలు

ఫోల్డర్ ఇలా ఉంటుంది, పేర్లు మార్చకండి:

```
INTI_KAGITALU/
  01_aasti/
  02_chaduvu/
  03_id/
  04_bank_insurance/
  05_health/
  06_inti_video/
```

ఫోటో కాదు, స్కాన్. 300 డీపీఐ, పేజీకి రెండు వైపులా. రిజిస్ట్రేషన్ కాగితాల వెనకాల ఉండే ముద్రలు, వేలిముద్రలు, నంబర్లే అసలు సంగతి, అందరూ ముందువైపు తీసి వదిలేస్తారు. వాట్సాప్‌లో నాకు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా పంపితే నలిగిపోయి చిన్న అక్షరాలు కనపడవు.

డిజిలాకర్ గురించి ఒక మాట. అందులో ఇష్యూడ్ అని కనిపించేవి ఆయా ఆఫీసుల నుంచి నేరుగా వచ్చినవి, 2016 డిజిటల్ లాకర్ రూల్స్ ప్రకారం ఒరిజినల్‌తో సమానం. మనం స్కాన్ చేసి అప్‌లోడ్ చేసినవి మాత్రం మామూలు కాపీలే, వాటిని చూపించి ఒరిజినల్ ఇదేనంటే కుదరదు. కాబట్టి ఆధార్, పాన్, లైసెన్స్, ఆర్సీ ఇష్యూడ్‌లోకి తెచ్చుకోండి, మెమోలు కూడా దొరికినంతవరకు.

కాపీలు మూడు చోట్ల: తమ్ముడి డ్రైవ్‌లో, ఇక్కడ నా దగ్గర హార్డ్ డిస్క్‌లో, పౌచ్‌లోని పెన్‌డ్రైవ్‌లో. పెన్‌డ్రైవ్‌లోది 7-Zip తో పాస్‌వర్డ్ పెట్టిన ఫైలు, ఆ పాస్‌వర్డ్ అమ్మకీ నాకూ తెలుసు, దయచేసి గ్రూపులో టైప్ చేయకండి. డ్రైవ్ ఫైళ్ళకి ఫోన్లో ఆఫ్‌లైన్ ఆన్ చేసి పెట్టండి, వరదలో ముందు పోయేది కరెంటు, దాని వెనకే టవరు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఫోను నీళ్ళలో కొట్టుకుపోతే సిమ్ కూడా పోయినట్టే, ఓటీపీ రాదు, ఓటీపీ లేకపోతే డ్రైవూ తెరుచుకోదు డిజిలాకరూ తెరుచుకోదు, అన్నీ దాచుకుని కూడా బయట నిలబడాల్సిందే. అందుకే గూగుల్ అకౌంట్ బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పౌచ్‌లో పెట్టాలి, ఆ కాగితం మీద ఈమెయిల్ ఐడీ రాయొద్దు.

06 ఫోల్డర్‌లో ఇంటి వీడియో: గది గదీ తిరుగుతూ ఫ్రిజ్, టీవీ, మోటారు సీరియల్ నంబర్లు కనపడేలా. క్లెయిమ్‌కి నీళ్ళు రాకముందు ఎలా ఉందో చూపించడానికి అదే ఆధారం.

నీళ్ళొస్తున్నాయంటే

పౌచ్ మరదలిది, నాన్నమ్మ తమ్ముడి బాధ్యత, పిల్లాడు అమ్మతో. మరదలు ఇంట్లో లేకపోతే పౌచ్ నాన్న తీస్తారు. గుమ్మం దాటాక ఏది మర్చిపోయినా వెనక్కి వెళ్ళొద్దు, వీలునామా అయినా సరే.

ఏదైనా తడిస్తే

అంటుకున్న పేజీలు లాగొద్దు. ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయ్యర్, మండుటెండ ఏవీ వద్దు. నీడలో పరిచి మధ్యలో టిష్యూ పెట్టి ఫ్యాన్ గాలికి ఆరనివ్వాలి, రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. అన్నీ ఒకేసారి ఆరబెట్టే చోటు లేకపోతే జిప్ కవర్లో వేసి ఫ్రీజర్లో పెట్టండి (కరెంటున్న వాళ్ళింట్లో), తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు.

ఇంకా మిగిలినవి: నాన్న పీపీఓ ఏ ఫైల్లో ఉందో నాన్నే చెప్పాలి. మరదలి ఇంటర్ మెమో పుట్టింట్లో ఉంది, అక్కడి నుంచే స్కాన్ తెప్పించండి. బ్యాకప్ కోడ్లు తమ్ముడు ఈ ఆదివారం లోపు. వీడియో నేనొచ్చినప్పుడు నేనే తీస్తాను, మీరు తీస్తే సగం ఫ్యానే కనపడుతుంది.